నవ్వొచ్చింది సరే... ఇక్కడ ఏం దొరుకుతుంది?

కిరాణా కొట్లలో, టీ దుకాణాల్లో గల్లాపెట్టె వెనక గోడకి ఒక చిన్న అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. దాని మీద రెండే మాటలు: ‘అప్పు రేపు’. రేపు వెళ్లి చూసినా అట్ట మీద అదే మాట ఉంటుంది. తెలుగునాట చిన్న దుకాణదారుడు రాసుకున్న హాస్యంలో ఇంతకంటే గట్టిది నాకు కనిపించలేదు. ఆ రెండు మాటలు ఎందుకంత బాగా పనిచేస్తాయో కాస్త నిదానంగా చూస్తే, దుకాణం బోర్డు మీద హాస్యం గురించి తెలుసుకోవాల్సిన సంగతులు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

మొదటి సంగతి, ఆ అట్ట ఉన్న చోటు. అది వీధిలోకి చూడదు. కొట్టు లోపల, డబ్బులిచ్చే చోట ఉంటుంది. దాన్ని చదివే మనిషి అప్పటికే లోపలికొచ్చాడు, చేతిలో పప్పు పొట్లమో బీడీకట్టో పట్టుకుని చిల్లర కోసం నిలబడ్డాడు. అతనికి తీరిక ఉంది. ఇది ఏ కొట్టో అతనికి కొత్తగా చెప్పక్కర్లేదు. రెండో సంగతి, ఆ హాస్యం చెప్పేదీ దుకాణదారుడు చెప్పదలచుకున్నదీ ఒక్కటే. జోకు అర్థమైతే అప్పు దొరకదని అర్థమైనట్టే. జోకు ఒక దారిన, సమాచారం ఇంకో దారిన పోవడం లేదు. మూడోది, అడగబోయే మనిషి పరువు కాపాడుతుంది. ‘అప్పు ఇవ్వబడదు’ అని రాస్తే మొహాన తలుపు వేసినట్టుంటుంది. నోటితో ‘లేదు’ అనాల్సి వస్తే ఇద్దరికీ ఇబ్బందే. ఈ అట్ట ఉంటే అడగబోయినవాడు అది చూసి తనే నవ్వుకుని ఊరుకుంటాడు, మర్నాడు మళ్లీ అదే కొట్టుకి వస్తాడు.

ఇప్పుడు అదే హాస్యాన్ని గోడ మీంచి తీసి వీధిలోకి, షట్టర్ పైన పది అడుగుల బోర్డు మీదకి తీసుకెళ్దాం. అక్కడ చదివేవాడు నిలబడి లేడు, బండి మీద పోతున్నాడు. అది ఏ కొట్టో అతనికి తెలియదు. అతనికి ముందు కావలసింది నవ్వు కాదు, ‘ఇక్కడ ఏం దొరుకుతుంది’ అన్న ప్రశ్నకి జవాబు. ఈ తేడా పట్టించుకోకుండా రాసిన బోర్డులు ఈమధ్య చాలా కనిపిస్తున్నాయి. జనం ఆగి ఫొటో తీసుకుంటారు, స్నేహితులకి పంపుకుంటారు, లోపలికి మాత్రం రారు. ఎందుకంటే అది బిర్యానీ హోటలో, సెల్‌ఫోన్ల కొట్టో వాళ్లకి తెలియనే లేదు.

ప్రకటనల రంగంలో ఈ సమస్య మీద వాదన చాలా పాతది. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ప్రకటనల రచయిత 1923లో రాసిన పుస్తకంలో హాస్యాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. డబ్బు ఖర్చుపెట్టడం జనానికి గంభీరమైన పని, అక్కడ విదూషకుడి మాట ఎవరూ నమ్మరన్నది ఆయన అభిప్రాయం. తర్వాతి తరంలో డేవిడ్ ఓగిల్వీ కూడా చాలాకాలం అదే దారిలో ఉన్నాడు. 1983 నాటి పుస్తకంలో మాత్రం, హాస్యం కూడా సరుకు అమ్మగలదని ఒప్పుకున్నాడు. 1992లో వైన్‌బర్గర్, గులస్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలని దగ్గర పెట్టుకుని లెక్క తేల్చారు. హాస్యం దృష్టిని లాగుతుంది, అందులో సందేహం లేదు. కానీ దృష్టిని లాగినంత మాత్రాన కొనిపించే శక్తి పెరిగిపోదు. ఇంకో మాట కూడా తేల్చారు, చిన్న దుకాణదారుడికి అన్నిటికంటే పనికొచ్చేది అదే: సరుకుతో సంబంధం లేని హాస్యం కంటే సరుకులోంచి పుట్టిన హాస్యం మెరుగ్గా పనిచేస్తుంది. జోకు గుర్తుండి సరుకు మరుగున పడిపోవడానికి ఆ రంగంలో ‘వాంపైర్ ఎఫెక్ట్’ అని పేరు కూడా పెట్టారు. సరుకుకి దక్కాల్సిన చూపునంతా జోకు పీల్చేసుకుంటుందన్న మాట.

సరుకులోంచి పుట్టడమంటే ఏమిటో మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఫెవికాల్ బస్సు ప్రకటన చాలామంది టీవీలో చూసే ఉంటారు. ఎడారి దారిలో ఒక బండి, పైనా పక్కలా జనం కిక్కిరిసి వేలాడుతుంటారు, గతుకుల్లో బండి ఎంత ఊగినా ఒక్కడూ పడడు. చివర్లో బండి వెనక ఫెవికాల్ బోర్డు కనిపిస్తుంది. మాటలే లేవు. ఆ జోకుని పట్టుకెళ్లి సబ్బుకి తగిలించలేం, టీపొడికి తగిలించలేం. అది జిగురుకే చెల్లుతుంది.

బోర్డు రాయించుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి పరీక్ష ఇదే. మీరు అనుకున్న జోకుని పక్క కొట్టు బోర్డు మీద పెట్టి చూడండి. అక్కడా సరిపోయిందంటే అది మీ జోకు కాదు. ‘మీ ఆవిడకి చెప్పకుండా రండి’ అన్న మాట బార్‌కీ సరిపోతుంది, బిర్యానీకీ సరిపోతుంది, బంగారం కొట్టుకీ సరిపోతుంది. అంటే అది దేని గురించీ ఏమీ చెప్పడం లేదు. పైగా ఆ ఇంటి ఆవిడ కూడా ఆ వీధిలోనే నడుస్తోంది, డబ్బు ఖర్చుపెట్టేది చాలాసార్లు ఆవిడే. భార్యల మీద జోకులేసే బోర్డు సగం మంది కొనేవాళ్లని గుమ్మంలోనే నొప్పిస్తుంది.

ఇక ఒక దుకాణం ఊహించుకుని, దాని బోర్డు మొదటినుంచి చివరిదాకా తయారుచేసి చూద్దాం. ఒక మోస్తరు పట్టణం, నలభై అడుగుల రోడ్డు, పదడుగుల షట్టరు ఉన్న చిన్న గది. అందులో ఒక టైలరు. కొత్త బట్టలు కుట్టడం తగ్గించేశాడు, ఎందుకంటే జనం రెడీమేడ్ కొంటున్నారు. ఆయన పని ఇప్పుడు ఆల్టరేషన్: ప్యాంటు నడుము వదులు చేయడం, పొడవు తగ్గించడం, బ్లౌజు కుట్లు విప్పడం, జిప్పులు మార్చడం. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కష్టం ఒక్కటే, పాత ప్యాంటు పట్టడం లేదు. కాబట్టి హాస్యం ఎక్కడినుంచి రావాలో వృత్తే చెప్పేసింది.

ఆయనకి మొదట తట్టే వాక్యం ఇలా ఉంటుంది: ‘పొట్ట పెరిగిందా? మా దగ్గరికి రండి!’ వినగానే నవ్వొస్తుంది. ఫ్లెక్స్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు అది టైపు చేసి ఆగిపోతాడు.

“మాస్టారూ, ఇది చూస్తే మా అమ్మ బరువు తగ్గించే సెంటర్ అనుకుంటుంది.”

“కింద ఆల్టరేషన్ అని వేస్తాంగా బాబూ.”

“వేస్తాం. కానీ పైది చూసి వెళ్లిపోయినవాళ్లు కిందది చదవరు కదండీ.”

ఆ కుర్రాడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. బోర్డుని ఎవరూ పుస్తకంలా పైనుంచి కిందికి చదవరు. పెద్దగా ఉన్నదాన్ని చూసి ఒక నిర్ణయానికి వస్తారు, ఆ నిర్ణయం మార్చుకోవడానికి రెండోసారి చూడరు. ‘పొట్ట పెరిగిందా’ అన్న మాట ఇప్పటికే వేరేవాళ్ల సొత్తు. బరువు తగ్గించే పొడులు అమ్మేవాళ్లు, జిమ్ముల వాళ్లు, గ్యాస్ట్రిక్ డాక్టర్లు స్తంభాల మీదా ఆటోల వెనకా ఆ మాటని ఎన్నో ఏళ్లుగా అంటించారు. ఆ మాట కనిపించగానే బుర్ర అటే పోతుంది. ఇందులో ఇంకో లోపం కూడా ఉంది. ఆ కొట్టు మెట్లెక్కడమంటే, చూసేవాళ్ల ముందు ‘అవును, నా పొట్ట పెరిగింది’ అని ఒప్పుకోవడమే. ‘అప్పు రేపు’ కాపాడిన పరువుని ఈ వాక్యం రోడ్డు మీద పెడుతోంది.

ఇప్పుడు అదే కష్టాన్ని వచ్చే మనిషి వైపునుంచి చూద్దాం. ప్యాంటు పట్టనప్పుడు ఇంట్లో మనమంతా ఏమంటాం? ఉతికితే కుదించుకుపోయిందంటాం. ఆ సాకులోంచే వాక్యం పుడుతుంది: ‘మీరు లావెక్కలేదు. ప్యాంటే చిక్కిపోయింది!’ ఇది నవ్విస్తుంది, వచ్చేవాడి పక్షాన నిలబడుతుంది, అన్నిటికంటే ముఖ్యం, సరుకు పేరు జోకులోనే ఉంది. ప్యాంటు అన్న మాట తీసేస్తే జోకే లేదు. పక్కనున్న చెప్పుల కొట్టుకి దీన్ని తగిలించలేం. అయినా ఇదొక్కటే సరిపోదు. ఈ వాక్యం మాత్రమే చూసినవాడు ఇది ప్యాంట్లు అమ్మే కొట్టేమో అనుకోవచ్చు. కాబట్టి దీనికి పైన, ఇంతకంటే పెద్ద అక్షరాల్లో, ఏ వంకరా లేని రెండు మాటలు కావాలి: ‘బట్టల ఆల్టరేషన్’. వృత్తి చెప్పే మాటలో చమత్కారం చేయకూడదు. నవ్వు పక్క వాక్యంలో ఉండాలి.

ఎంత పెద్ద అక్షరాలు అన్నది లెక్కవేసి తేల్చుకోవాల్సిన విషయం. బోర్డుల పనిలో అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. అక్షరం ఒక అంగుళం ఎత్తు ఉంటే పదడుగుల దూరం నుంచి ఇబ్బంది లేకుండా చదవొచ్చు. ఆరంగుళాలైతే అరవై అడుగులు. ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి సుమారు ఎనిమిది మీటర్లు పోతుంది. అరవై అడుగులంటే పద్దెనిమిది మీటర్లు. అంటే అక్షరం చదవగలిగే దూరంలోకి వచ్చాక ఆ బండివాడికి మీ కొట్టు దాటడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్లలో సగం ముందున్న ఆటోకి, రోడ్డు మీద గుంతకి పోతుంది. మిగిలిన దాంట్లో రెండు మాటలు పడతాయి, రెండు వాక్యాలు పట్టవు.

అందుకని మన పదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు బోర్డుని ఇలా పంచుకోవాలి. ‘బట్టల ఆల్టరేషన్’ అన్న మాటలకి ఆరంగుళాల అక్షరం. అది బండివాడి కోసం. జోకుకి నాలుగంగుళాలు. అది నలభై అడుగులకి, అంటే రోడ్డు అవతలి వైపు నడిచే మనిషికి అందుతుంది. కొట్టు పేరు, ఫోన్ నంబరు రెండున్నర అంగుళాలు. అవి గుమ్మం ముందుకి వచ్చినవాడికి చాలు.

తెలుగుకి ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తు, పైకీ కిందికీ ఏమీ పొడుచుకురావు. మనకి పైన గుడులూ ఏత్వాలూ, కింద ఒత్తులూ ఉంటాయి. ఆరంగుళాల అసలు అక్షరానికి వీటన్నిటితో కలిపి వరుస ఎత్తు సుమారు పన్నెండంగుళాలు కావాలి. అదే లెక్కన జోకు వరుసకి ఎనిమిది, పేరు వరుసకి ఐదు. మధ్యలో రెండేసి అంగుళాల ఖాళీతో కలిపితే ఇరవై తొమ్మిది. బోర్డు ముప్పై ఆరంగుళాలు కాబట్టి పైనా కిందా అంచులకి చోటు మిగిలింది. ఇంకో వరుస, ‘నమ్మకానికి మారుపేరు’ లాంటిది, ఇరికిస్తామంటే ఈ లెక్క చెడిపోతుంది, అక్షరాలు చిన్నవవుతాయి, పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకి తగులుకుంటాయి. ఏ దేవుడి బొమ్మో, యజమాని ఫొటోనో కూడా పెట్టాలంటే తగ్గాల్సింది జోకే. వృత్తి పేరు తగ్గకూడదు.

అచ్చు వేసే ముందు ప్రూఫ్ చూసుకోవడంలో కూడా ఒక మెలకువ ఉంది. డిజైన్ మీ ఫోన్‌కి వస్తుంది, దాన్ని జానెడు దూరంలో పట్టుకుని చూసి ‘బ్రహ్మాండంగా ఉంది’ అంటారు. వీధిలో దాన్ని ఎవరూ జానెడు దూరం నుంచి చూడరు. పదడుగుల బోర్డుని అరవై అడుగుల నుంచి చూస్తే, వెడల్పుకి ఆరింతల దూరం అవుతుంది. ఫోన్ అడ్డంగా తిప్పితే తెర దాదాపు ఆరంగుళాల వెడల్పు ఉంటుంది. దానికి ఆరింతలంటే మూడడుగులు. కాబట్టి డిజైన్ తెరంతా నిండేలా పెట్టి, ఫోన్‌ని మూడడుగుల దూరంలో నిలబెట్టి చూస్తే, బండివాడికి మీ బోర్డు ఎంత కనిపిస్తుందో మీకూ అంతే కనిపిస్తుంది.

అలా పట్టుకుని, మీ వీధికి సంబంధం లేని ఎవరికైనా రెండు మూడు సెకన్లు చూపించి ఫోన్ తిప్పేయండి. ‘ఎలా ఉంది?’ అని అడక్కండి. అలా అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ‘ఈ కొట్లో ఏం చేస్తారు?’ అని అడగండి. పది మందిలో ఇద్దరు తప్పు చెప్పినా వాక్యమో అక్షరమో మార్చాల్సిందే అని నా లెక్క. నవ్వారా లేదా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు. నవ్వనివాడు కూడా మీ కొట్టుకి రావొచ్చు, ఏం చేస్తారో తెలియనివాడు రాలేడు.

అక్షర దోషాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హాస్యంలో ఒక్క ఒత్తు పోయినా మొత్తం పోతుంది. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా ఫ్లెక్స్ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో పని చేస్తారు. మీ వాక్యాన్ని మళ్లీ టైపు చేస్తారు, లేదా కన్వర్టర్‌లో వేసి మారుస్తారు. ఆ మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతుంటాయి. ‘చిక్కిపోయింది’ కాస్తా ‘చికిపోయింది’ అయిందంటే చదివేవాడు జోకు దగ్గర ఆగడు, తప్పు దగ్గర ఆగుతాడు. ఫోన్ నంబరు చూసుకున్నంత జాగ్రత్తగా ప్రతి ఒత్తూ చూసుకోవాలి.

కొన్ని జోకులు అర్థమయ్యీ తప్పుదారి పట్టిస్తాయి. 2021 చివర్లో ‘పుష్ప’ సినిమా వచ్చాక ‘తగ్గేదే లే’ అన్న మాట బోర్డుల మీద, వాల్‌పోస్టర్ల మీద, బళ్ల మీద ఎక్కడ చూసినా కనిపించింది. జిమ్ముకి ఆ మాట బాగుంటుందేమో, అక్కడా బరువు తగ్గాలని వచ్చేవాళ్లతో చిక్కే. బట్టల కొట్టు మీద పెట్టారనుకోండి, బేరమాడి కొనే అలవాటున్న మనిషికి అది వినిపించేది ‘ధర తగ్గదు’ అని. కింద ‘50 శాతం తగ్గింపు’ అని రాసి ఉంటే గందరగోళం ఇంకా పెరుగుతుంది. పై వరుస తగ్గేది లేదంటోంది, కింది వరుస సగానికి సగం తగ్గించామంటోంది. సినిమా డైలాగుతో ఇంకో కష్టం కాలం. సినిమా మాట నాలుగు నెలలు వెలుగుతుంది, బోర్డు నాలుగేళ్లు ఉంటుంది.

అమూల్ వాళ్లు 1966 నుంచి చుక్కల గౌనమ్మాయి హోర్డింగులతో ఏ వార్తకి ఆ వార్త మీద చమత్కారం చేస్తున్నారంటే, పాత జోకు చల్లారేలోపు కొత్త బొమ్మ వేస్తారు కాబట్టి చెల్లుతోంది. చిన్న కొట్టుకి అలా కావాలంటే గుమ్మం పక్కన ఒక నల్లబల్ల, సుద్దముక్క చాలు. ఈ వారం క్రికెట్టు, వచ్చే వారం ఎండలు, ఏదైనా అక్కడ రాసి చెరిపేయొచ్చు. పైన బోర్డు మాత్రం సినిమాలకీ వార్తలకీ అతీతంగా ఉండాలి. పాతబడని సినిమా మాటలు కూడా లేకపోలేదు. హైదరాబాద్‌లో ‘వివాహ భోజనంబు’ పేరుతో హోటల్ ఉంది. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి విందు తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ పేరు వినగానే పెదవి మీదకి నవ్వొస్తుంది, ఆ వెంటనే ఇది భోజనం పెట్టే చోటని తెలిసిపోతుంది. విడిగా వివరించాల్సిన పని లేదు.

పెద్ద కంపెనీ పేరుని వంకరగా పలికి నవ్వించడం మరో సరదా. ఇది ఖరీదైన సరదా. ఢిల్లీలో ‘సర్దార్‌బక్ష్’ అని ఒక కాఫీ దుకాణం వచ్చింది. తలపాగా పెట్టుకున్న సర్దార్జీ బొమ్మ, గుండ్రటి ముద్ర, చూడగానే స్టార్‌బక్స్ గుర్తొచ్చేలా ఉండేది. విషయం 2018లో ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది, చివరికి పేరుని ‘సర్దార్జీ బక్ష్’గా మార్చుకోవాల్సి వచ్చింది. మన ట్రేడ్ మార్కుల చట్టం అడిగే ప్రశ్న జోకు బాగుందా అన్నది కాదు, కొనేవాడు ఇదీ అదీ ఒకటే అనుకునే వీలుందా అన్నది. బాగా పేరున్న గుర్తులకైతే సరుకు వేరైనా రక్షణ ఉంటుంది, కాబట్టి ‘వాళ్లది కాఫీ, నాది మిర్చి బజ్జీ’ అన్నంత మాత్రాన గట్టెక్కలేం. ఇక్కడ చట్టం భయం అలా ఉంచినా, నాకు అసలు నష్టం వేరే కనిపిస్తుంది. బోర్డు చూసి జనం గుర్తుపెట్టుకునేది ఆ పెద్ద కంపెనీనే. మీ డబ్బుతో వాళ్లకి ప్రచారం చేసినట్టవుతుంది.

ఆశపెట్టే జోకుల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ‘కడుపారా తినండి, బిల్లు మీ మనవడు కడతాడు’ అని బోర్డు పెట్టిన హోటల్ కథ మనమంతా విన్నదే. తిని లేచినవాడి చేతిలో సర్వరు బిల్లు పెట్టి, ఇది మీ తాతగారు తిన్నదండీ అంటాడు. కథలో నవ్వొస్తుంది. నిజంగా ఆ బోర్డు పెడితే మొదటి రోజే గొడవ. బోర్డు మీద రాసిన మాట ప్రకటనే. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, తప్పుదారి పట్టించే ప్రకటనల మీద 2022లో విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. ఎరవేసే ప్రకటనల గురించీ, ‘ఉచితం’ అన్న మాట ఎలా వాడాలన్నదాని గురించీ అందులో ఉంది. షరతు ఏదైనా ఉంటే, అది పెద్ద మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి, దాన్ని కాదనేలా ఉండకూడదు. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అని పెద్దగా రాసి, మూలన చుక్క పెట్టి ‘చిరునవ్వు’ అని చిన్నగా రాయడం చాలామందికి హాస్యంలా తోస్తుంది. చదివినవాడికి మాత్రం మోసపోయినట్టుంటుంది. డబ్బు, ధర, తూకం, ఉచితం, గ్యారంటీ, ఈ ఐదింటి జోలికి జోకు వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మందుల షాపు, క్లినిక్కు, శవపేటికల కొట్టు లాంటి చోట్ల బయటి బోర్డు మీద అసలు జోకే వద్దు. అక్కడికి వచ్చేవాడు నవ్వే స్థితిలో ఉండడు.

మళ్లీ టైలర్ దగ్గరికి వద్దాం. బోర్డు ఎక్కింది. అది పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ఎంతమంది ఫొటో తీసుకున్నారన్నది లెక్క కాదు. మొదటి రెండు వారాలు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, కొత్తగా గుమ్మమెక్కిన ప్రతి మనిషీ మొదట ఏం అడిగాడో రాసుకోవాలి. ‘ఈ ప్యాంటు నడుము కాస్త వదులు చేస్తారా మాస్టారూ’ అంటే బోర్డు తన పని తాను చేసింది. ‘ప్యాంట్లు ఏ కంపెనీవి ఉన్నాయి?’ అంటే జోకు వృత్తి పేరుని మింగేస్తోందన్న మాట. జోకు అక్షరం ఒక అంగుళం తగ్గించి, ‘ఆల్టరేషన్’ పక్కన కత్తెర, టేపు బొమ్మ వేయాలి. ‘బ్లౌజులు కూడా చేస్తారా?’ అని ఆడవాళ్లు పదే పదే అడుగుతుంటే, జోకులో ప్యాంటు ఒక్కటే ఉండటం వల్ల ఇది మగవాళ్ల కొట్టని అనుకుంటున్నారు. అప్పుడు మూడో వరుసలో ఫోన్ నంబరు పక్కన ‘ప్యాంట్లు, బ్లౌజులు, చుడీదార్లు’ అని చేరిస్తే సరి. ఫోన్ చేసి ‘మీ దగ్గర ఏం చేస్తారండీ?’ అని అడిగేవాళ్లు ఎక్కువైతే బోర్డు ఫొటో తిరుగుతోంది గానీ వృత్తి పేరు అందులో పడటం లేదు. జనం జోకు ఒక్కటే కత్తిరించి పంపుకుంటున్నారు. అందుకే కొట్టు పేరుని జోకు వరుసకి ఆనించి, విడదీయడానికి వీల్లేకుండా పెట్టడం మంచిది.

షట్టరు సంగతి చాలామంది మర్చిపోతారు. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత, ఆదివారం పూట, కొట్టు మూసి ఉన్నప్పుడు ఆ ఇనుప రేకు మీద బోలెడు చోటు ఖాళీగా ఉంటుంది. మూసిన కొట్టు ముందు ఆగినవాడు కాస్త నిరాశతో ఉంటాడు, తీరికగానూ ఉంటాడు. రెండో జోకుకి అదే సరైన చోటు. ‘మాస్టారు భోజనానికెళ్లారు. తిరిగొచ్చాక ఆయన ప్యాంటు కూడా వదులు చేసుకోవాలి’ అని ఆయిల్ పెయింటుతో రాయించి, దాని కిందే పెద్దగా ‘ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా, ఆదివారం సెలవు’ అని వేయాలి. నవ్విన మనిషికి మళ్లీ ఎప్పుడు రావాలో కూడా తెలియాలి కదా.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. ఫ్లెక్స్ మీద ఎండ పడేకొద్దీ ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నలుపు, నీలం ఎక్కువకాలం నిలబడతాయి. పడమర ముఖంగా ఉన్న కొట్టుకి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ‘బట్టల ఆల్టరేషన్’ని ఎర్రటి అక్షరాల్లో, జోకుని నల్లటి అక్షరాల్లో వేయించారనుకోండి, కొన్నాళ్లకి వృత్తి పేరు పాలిపోయి జోకు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు మళ్లీ ప్యాంట్లు అమ్మే కొట్టనుకుని వచ్చేవాళ్లు మొదలవుతారు. కాబట్టి వృత్తి పేరుకే నలుపో ముదురు నీలమో ఇచ్చి, జోకుకి ఎరుపు ఇవ్వాలి. ఇనుప ఫ్రేము అలాగే ఉంటుంది, ఫ్లెక్స్ గుడ్డ ఒక్కటే మార్చుకోవచ్చు. ఎరుపు వెలిసేసరికి ఆ వీధివాళ్లకి ఆ జోకు కంఠతా వచ్చేసి ఉంటుంది గనక, గుడ్డ మార్చేటప్పుడు కొత్త జోకు వేయించి, పైన ఆ రెండు మాటల్ని ఉన్న చోటే, ఉన్న సైజులోనే వేయించుకోవాలి.